సింగరేణి పక్కనే ఉండగా క్వీన్స్‌లాండ్ బొగ్గెందుకు?

మా చెల్లెలిని కొత్తగూడెం ఇచ్చాం. వాళ్లబ్బాయి డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడు. సంక్రాంతి సెలవులకు విశాఖ వస్తే వాణ్ణి యారాడ కొండ మీదికి తీసుకెళ్లాను. పైనుంచి చూస్తే రేవులో చోటు కోసం లంగరేసుకుని నిలబడ్డ ఓడలు కనిపిస్తాయి. నీళ్లలోకి బాగా దిగిపోయి ఉన్న ఒక ఓడను చూపించి, అది ఆస్ట్రేలియా నుంచి స్టీల్ ప్లాంటుకు బొగ్గు తెచ్చిన ఓడ అయ్యుంటుందన్నాను.

వాడు నవ్వాడు. "మామయ్యా, మా నాన్న ముప్పై ఏళ్ల నుంచి బొగ్గుబాయిలోనే పనిచేస్తున్నాడు. మా దగ్గర ఎక్కడ తవ్వినా బొగ్గే. మీరేమో సముద్రాలు దాటించి తెచ్చుకుంటారా?"

అడగాల్సిన ప్రశ్నే. కొత్తగూడెం నుంచి విశాఖకు సరళరేఖ గీస్తే 300 కిలోమీటర్లు కూడా రాదు. క్వీన్స్‌లాండ్‌లోని హే పాయింట్ రేవు నుంచి సముద్రం మీద తొమ్మిది వేల కిలోమీటర్ల పైమాటే, దాదాపు మూడు వారాల ప్రయాణం. పైగా సింగరేణి బొగ్గూ, ఆ బొగ్గూ ఒకే యుగంలో పుట్టిన అన్నదమ్ములు. 30 కోట్ల నుంచి 25 కోట్ల ఏళ్ల కిందట, పెర్మియన్ కాలంలో, భారతదేశం, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, అంటార్కిటికా అన్నీ అతుక్కుని గోండ్వానా అనే ఒకే ఖండంగా ఉండేవి. ఆ పేరు మన గోండుల నుంచే వచ్చింది. రెండుచోట్లా గ్లోసోప్టెరిస్ అనే నాలుక ఆకారపు ఆకుల చెట్లే చిత్తడి నేలల్లో పడి కుళ్లకుండా పేరుకుపోయి బొగ్గయ్యాయి. అన్నదమ్ముల్లో ఒకడు ఉక్కు ఫ్యాక్టరీకి పనికొచ్చాడు, రెండోవాడు రాలేదు. ఎందుకని?

రెండు కారణాలు. ఒకటి మట్టి, రెండోది సెగ.

ముందు మట్టి సంగతి. చెట్టు పడిన చోట నీళ్లు నిలిచి గాలి తగలకపోతే అది పూర్తిగా కుళ్లదు, నల్లటి పీట్‌గా మిగులుతుంది. ఆ నీళ్లు ఎలాంటివన్నదే ఇక్కడ ముఖ్యం. మన బొగ్గంతా దామోదర్, మహానది, గోదావరి లోయల వెంట ఉంటుంది. అవి భూమి చీలి కిందికి కుంగిన పొడవాటి గుంటలు. రెండు పక్కలా ఎత్తు నేల, మధ్యలో నది. వరద వచ్చినప్పుడల్లా సన్నటి ఒండ్రు తెచ్చి చిత్తడిలో పోసేది. ఆకూ కొమ్మా పేరుకుంటున్న కొద్దీ వాటి సందుల్లోకి బంకమట్టి కూడా చేరింది. అందుకే మన బొగ్గు కాల్చితే వందలో 35, 40 పాళ్ల బూడిద మిగలడం మామూలు.

ఆస్ట్రేలియా తూర్పున, క్వీన్స్‌లాండ్‌లో ఉన్న బోవెన్ బేసిన్ కథ వేరు. అది ఎక్కువ భాగం ఒక పర్వత శ్రేణి పక్కన, సముద్రానికి దగ్గరగా, నెమ్మదిగా కుంగుతూ పోయిన విశాలమైన పల్లం. అక్కడి గని నుంచి తీసిన బొగ్గులోనూ మట్టి ఉంటుంది. కాకపోతే చాలావరకు వేరే పొరలుగా, వేరే ముక్కలుగా ఉంటుంది. బొగ్గు తేలిక, రాయి బరువు. మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం పొడి కలిపి చిక్కబరచిన నీళ్లలో వేస్తే బొగ్గు తేలుతుంది, రాయి మునుగుతుంది. అలా కడిగితే బూడిద 9, 10 శాతానికి దిగివస్తుంది.

మరి మన బొగ్గునూ కడగొచ్చు కదా? కడుగుతారు. కానీ బియ్యంలో రాళ్లుంటే చాటలో చెరిగి ఏరొచ్చు, పిండిలో ఇసుక కలిస్తే ఏం చేస్తాం? మన బొగ్గు ముక్కల్లో చాలావాటిలో మట్టి బొగ్గు రేణువుల మధ్యే చిక్కుకుని ఉంటుంది. ప్రతి ముక్కా సగం బొగ్గు, సగం రాయి. తేలాలో మునగాలో దానికే తెలియదు. శుభ్రంగా ఉన్నదే కావాలంటే చేతికి వచ్చేది చాలా తక్కువ, పారబోసేది ఎక్కువ.

ఇక సెగ. పీట్ మీద పొరలు పేరుకుంటున్న కొద్దీ అది లోతుకు వెళ్తుంది, లోతుకు వెళ్లిన కొద్దీ వేడెక్కుతుంది. తేమా, గ్యాసులూ పోయి లిగ్నైట్ అవుతుంది, తర్వాత మామూలు బొగ్గు, చివరకు ఆంత్రసైట్. ఈ వరసలో మధ్యన ఎక్కడో ఒక చిన్న దశ ఉంది. అన్నం వార్చే అదను లాంటిది. ఆ దశలో ఆగిన బొగ్గును గాలి తగలకుండా వేడి చేస్తే 400 డిగ్రీల దగ్గర మెత్తబడి, ఉబ్బి, ముద్దలా అతుక్కుని, 500 డిగ్రీల లోపే మళ్లీ గట్టిపడుతుంది. అదే కోకింగ్ కోల్. అంతకుముందే ఆగిపోతే మెత్తబడదు, అది దాటిపోయినా మెత్తబడదు. గోదావరి లోయ బొగ్గు ఆ అదను దాకా ఉడకలేదు. మన దేశంలో మేలురకం కోకింగ్ కోల్ అంటే జార్ఖండ్‌లోని ఝరియా ఒక్కటే చెప్పుకోవాలి. అక్కడా బూడిద తక్కువేం కాదు, పైగా 1916 నుంచీ భూగర్భంలో మంటలు రగులుతూనే ఉన్నాయి.

బోవెన్ బొగ్గు ఆ అదనుకు సరిపడా లోతుకు దిగింది. తర్వాత నేల ముడుచుకుని పైకి లేచింది, మీది పొరలు కొట్టుకుపోయాయి. దాంతో బాగా ఉడికిన బొగ్గు ఓపెన్‌కాస్ట్‌లో తవ్వుకునేంత పైకి వచ్చి కూర్చుంది. సముద్రమూ మరీ దూరం కాదు. ఇన్ని అదృష్టాలు ఒకేచోట కలవడం అరుదు.

ఇది ఎలా తెలుస్తుందంటే, ల్యాబులో ఒక చిన్న పరీక్ష ఉంది. గ్రాము బొగ్గు పొడిని కంసాలి మూసలాంటి చిన్న గిన్నెలో వేసి, మూత పెట్టి, రెండున్నర నిమిషాల్లో 820 డిగ్రీలకు వేడి చేస్తారు. చల్లారాక తీసి చూస్తే మంచి కోకింగ్ కోల్ ఉబ్బి బొత్తాంలా తయారవుతుంది. దాని ఆకారాన్ని బట్టి 0 నుంచి 9 దాకా మార్కులేస్తారు. మా మేనల్లుడి ఊరి బొగ్గయితే వేసిన పొడి వేసినట్టే మిగులుతుంది.

"పొడిగా ఉంటే ఏమవుతుంది? మండుతుంది కదా" అన్నాడు వాడు. మండితే చాలనుకునే చోట దాంతో ఇబ్బందే లేదు. పరవాడ దగ్గరున్న సింహాద్రి థర్మల్ కేంద్రం ఒడిశాలోని తాల్చేరు బొగ్గుతో నడుస్తోంది. అదీ బూడిద ఎక్కువున్న గోండ్వానా బొగ్గే. పొడి చేసి ఊది కాలుస్తారు, బూడిద చెరువులోకి పోతుంది, కొంత ఇటుకలకు వెళ్తుంది. ఇనుప ఖనిజాన్ని కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్‌కు మాత్రం మంట ఒక్కటే చాలదు. కోకింగ్ కోల్‌ను గాలి తగలకుండా కాచితే మిగిలే గట్టి ముద్దే కోక్. ఫర్నేస్‌లో దానికి మూడు పనులు. వేడి ఇవ్వాలి. ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగే గ్యాసు ఇవ్వాలి. మూడోది, అందరూ మరిచిపోయేది, బరువు మోయాలి. ఫర్నేస్‌లో పైనుంచి కింది దాకా ఖనిజం, సున్నపురాయి, కోక్ పొరలు పొరలుగా ఉంటాయి. కింద ఖనిజం కరిగిపోతుంటే పైనున్న బరువంతా మోస్తూ, గాలి పైకి పోవడానికి సందులిస్తూ నిలబడేది కోక్ ఒక్కటే. అది చిట్లి పొడి అయితే ఫర్నేస్‌కు ఊపిరాడదు.

బూడిద లెక్క కూడా ఒకసారి వేసి చూద్దాం. 100 టన్నుల బొగ్గును కోక్ ఓవెన్‌లో వేడి చేస్తే గ్యాసూ తారూ పోయి సుమారు 75 టన్నుల కోక్ మిగులుతుంది. బొగ్గులోని బూడిద ఎక్కడికీ పోదు, మొత్తం కోక్‌లోనే ఉంటుంది. బొగ్గులో 9 టన్నుల బూడిద ఉంటే కోక్‌లో అది 12 శాతం. ఫర్వాలేదు, నడుస్తుంది. అదే 35 టన్నులుంటే? 75లో 35, అంటే 47 శాతం. కోక్ అన్న పేరుతో ఫర్నేస్‌లో వేసేది దాదాపు సగం రాయే. ఆ రాయిని కరిగించడానికి అదనంగా సున్నపురాయి వేయాలి, దాన్ని కరిగించడానికి మళ్లీ కోక్ కావాలి. ఇనుము కంటే స్లాగ్ అనే రాతి చెత్తే ఎక్కువ వచ్చే పరిస్థితి.

ఎంత బొగ్గు కావాలో కూడా చూడండి. రోజుకు 7,000 టన్నుల ద్రవ ఇనుము తీసే ఫర్నేస్ ఒకటి ఉందనుకుందాం. టన్నుకు 450 కిలోల కోక్ చొప్పున 3,150 టన్నుల కోక్ కావాలి. దానికి 4,200 టన్నుల బొగ్గు. 75,000 టన్నుల ఓడ ఒకటి వస్తే ఆ ఒక్క ఫర్నేస్‌కు పద్దెనిమిది రోజులు సరిపోతుంది. విశాఖ ప్లాంటులో ఫర్నేస్‌లు మూడున్నాయి. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. పేర్లలో నీళ్లూ అన్నమూ ఉన్నా వాటి తిండి మాత్రం ఓడల్లో రావాలి.

ఓడ రాలేదనుకోండి, కోక్ ఓవెన్లను ఆపి ఊరుకోవడానికీ లేదు. వాటి గోడలు సిలికా ఇటుకలతో కట్టినవి. ఒకసారి వేడెక్కించాక ఏళ్ల తరబడి ఆ వేడిలోనే ఉండాలి, చల్లారితే పగుళ్లిస్తాయి. బొగ్గు తక్కువైనప్పుడు చేయగలిగింది ఒక్కటే. పదహారు, పద్దెనిమిది గంటల్లో దించాల్సిన కోక్‌ను ఇంకా ఎక్కువసేపు లోపలే ఉంచి కాలం గడపడం. పోనీ దొరికిన బొగ్గేదో కలిపేద్దామంటే అదీ కుదరదు. కొన్ని బొగ్గులు ఉబ్బి ఓవెన్ గోడలను తోసేస్తాయి, కొన్ని అసలు అతుక్కోవు. నాలుగైదు రకాలు లెక్క ప్రకారం కలిపి, చిన్న ఓవెన్‌లో పరీక్షించి, ఆ తర్వాతే పెద్ద ఓవెన్‌లోకి. వంటింట్లో ఇడ్లీ పిండి పాళ్లు మార్చినంత తేలిక కాదు.

రాజకీయం మొదలయ్యేది ఇక్కడే. బొగ్గు ప్రపంచంలో చాలా చోట్ల ఉంది. కానీ ఉక్కుకు పనికొచ్చేదీ, శుభ్రమైనదీ, ఓడెక్కించగలిగినదీ అని ఒక్కో జల్లెడ పట్టుకుంటూ పోతే మిగిలేది గుప్పెడు చోట్లు. సముద్రం మీద అమ్ముడయ్యే కోకింగ్ కోల్‌లో దాదాపు సగం ఆస్ట్రేలియాది. అందులోనూ అధిక భాగం క్వీన్స్‌లాండ్ అనే ఒక్క రాష్ట్రం నుంచి, వేళ్ల మీద లెక్కపెట్టగలిగే రేవుల నుంచి వస్తుంది. మన దేశం తనకు కావాల్సిన కోకింగ్ కోల్‌లో దాదాపు 85 శాతం దిగుమతి చేసుకుంటోంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఒక్క పూటలో ఊరు ఎలా అయిపోయిందో మనకు తెలుసు. అలాంటి తుఫాను అక్కడ వస్తే ఇక్కడ తగులుతుంది. 2017 మార్చిలో డెబ్బీ తుఫాను క్వీన్స్‌లాండ్ గనుల నుంచి రేవులకు వెళ్లే రైలు మార్గాలను దెబ్బతీస్తే, బొగ్గు ధర కొద్ది రోజుల్లోనే టన్ను 300 డాలర్ల దాకా ఎగిరింది. గనుల్లో బొగ్గు ఉంది, కొనేవాళ్లూ ఉన్నారు. మధ్యలో పట్టాలే లేవు.

ప్రకృతి కొట్టే దెబ్బ ఇలా ఉంటే, ప్రభుత్వాలు కావాలని కొట్టుకుంటే ఎలా ఉంటుందో 2020లో చూశాం. ఆ ఏడాది ఏప్రిల్‌లో, కొవిడ్ ఎలా పుట్టిందో స్వతంత్ర విచారణ జరగాలని ఆస్ట్రేలియా ప్రభుత్వం అడిగింది. చైనాకు కోపం వచ్చింది. బార్లీ మీద సుంకాలు, వైన్ మీద విచారణ, ఆ వరసలోనే అక్టోబరు నాటికి బొగ్గు. రాతపూర్వకంగా నిషేధమని ఎక్కడా లేదు. ఆస్ట్రేలియా బొగ్గును దించుకోవద్దని తమ రేవులకూ, ఉక్కు కంపెనీలకూ నోటిమాటగా చెప్పారంతే. పర్యావరణ ప్రమాణాలు, నాణ్యత పరీక్షలు అనేవి బయటికి చెప్పిన కారణాలు.

ఆ గొడవలో ఇరుక్కున్నది మనవాళ్లు. జగ్ ఆనంద్ అనే మన ఓడ ఆస్ట్రేలియా బొగ్గుతో 2020 జూన్‌లోనే చైనాలోని జింగ్‌టాంగ్ రేవు బయట లంగరేసింది. అందులో 23 మంది భారతీయ నావికులు. సరుకు దించుకోనివ్వరు, వెనక్కి పోనివ్వరు, కొవిడ్ పేరుతో సిబ్బందిని మార్చుకోనివ్వరు. అనస్తాసియా అనే ఇంకో ఓడలో మరో 16 మంది మనవాళ్లు. ఎవరికో ఎవరితోనో తగాదా, మధ్యలో వీళ్ల ఇళ్లలో టెన్షన్. చివరికి జగ్ ఆనంద్ 2021 జనవరిలో జపాన్‌లోని చిబా రేవుకు వెళ్లి సిబ్బందిని మార్చుకుంది. మర్చంట్ నేవీలో పిల్లలున్న ఇళ్లు మన ఉత్తరాంధ్రలో ఎన్నో ఉన్నాయి. ఆ ఏడు నెలలు ఎలా గడిచి ఉంటాయో వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఆ నిషేధం వల్ల ఎవరు నష్టపోయారు? మొదట ఆస్ట్రేలియాయే. 2020 చివరకు అక్కడి రేవుల్లో ధర టన్ను 100 డాలర్ల దగ్గరికి పడిపోయింది. కానీ అదే సమయంలో చైనా రేవుల్లో కోకింగ్ కోల్ ధర దాదాపు 200 డాలర్లు. ప్రపంచ ఉక్కులో సగానికి పైగా తయారుచేసే దేశం, అతి మంచి బొగ్గును కాదనుకుని, అమెరికా, కెనడా, రష్యా, మంగోలియాల నుంచి ఎక్కువ డబ్బు పెట్టి తెచ్చుకుంది. మంగోలియా బొగ్గు గోబీ ఎడారి దాటి లారీల్లో రావాలి. కొవిడ్ వల్ల సరిహద్దు మూసినప్పుడల్లా ఆ లారీలు ఆగిపోయాయి. చైనా వదిలేసిన ఆస్ట్రేలియా బొగ్గు మనలాంటి వాళ్లకు కొన్నాళ్లు చవగ్గా దొరికింది.

కొన్నాళ్లే. చైనా మిగతా దేశాల బొగ్గును ఊడ్చేసుకోవడంతో 2021 రెండో సగం నాటికి ఆస్ట్రేలియా బొగ్గుకూ గిరాకీ పెరిగి ధర 400 డాలర్ల దాకా వెళ్లింది. ఒక మూల నుంచి తోస్తే నీళ్లు ఇంకో మూలకు పోయినట్టు, బొగ్గు దారి మార్చుకుంది తప్ప ఆగలేదు. ఆ తర్వాత 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద దాడికి దిగింది. రష్యా కూడా పెద్ద ఎగుమతిదారే కావడంతో మార్చిలో ధర 600 డాలర్లు దాటి రికార్డుకెక్కింది. పద్దెనిమిది నెలల లోపే 100 నుంచి 600. సొంత గనులు లేని ఉక్కు ఫ్యాక్టరీకి ఆ ధర ఏం చేస్తుందో ఊహించుకోవచ్చు. యూరప్ రష్యా బొగ్గును ఆపేస్తే, మన కంపెనీలు డిస్కౌంటుకు రష్యా బొగ్గు కొనడం పెంచాయి. చైనా చివరకు 2023 జనవరిలో ఆస్ట్రేలియా బొగ్గుకు మళ్లీ తలుపులు తెరిచింది.

ఖనిజం ఉన్న దేశమే బలవంతుడని మనం తేలిగ్గా అనేస్తాం. నా లెక్కలో బలం ఇరుకు సందు ఎవరి చేతిలో ఉందో వాళ్లది. ఆస్ట్రేలియా బొగ్గు విషయంలో ఆ సందును ఎవరూ పూర్తిగా మూయలేకపోయారు, ఎందుకంటే ఓడ ఎటైనా తిరుగుతుంది. జపాన్‌ను చూడండి. ఇనుప ఖనిజం లేదు, చెప్పుకోదగ్గ కోకింగ్ కోల్ లేదు. అయినా ఉక్కులో మహారాజయింది. మన బైలదిల్లా ఖనిజం కోసమే కొత్తవలస-కిరండూల్ రైలు మార్గానికి చేయూతనిచ్చింది, ఆ ఖనిజం విశాఖ రేవు నుంచే జపాన్‌కు వెళ్లేది. క్వీన్స్‌లాండ్ బొగ్గు గనులు 1960లలో పెద్దవైంది కూడా జపాన్ దీర్ఘకాల ఒప్పందాల వల్లే. భూమిలో లేనిదాన్ని అది కాగితం మీద సంపాదించుకుంది.

ఓడలు తిరగడానికి వీల్లేని చోటు ఒకటుంది. అక్కడికి చమురు కథలో వెళ్లాలి.

చమురు కూడా వంటే. భూవిజ్ఞానులు చమురు ఉడికే చోటును నిజంగానే కిచెన్ అంటారు. సముద్రంలోని సూక్ష్మజీవులు చచ్చి, ఆక్సిజన్ లేని బురదలో పూడిపోయి, 60 నుంచి 120 డిగ్రీల వేడిలో పదుల లక్షల ఏళ్లుంటే చమురవుతుంది. వేడి మరీ ఎక్కువైతే గ్యాసు. కానీ బొగ్గుకూ చమురుకూ ఒక పెద్ద తేడా. బొగ్గు పుట్టిన చోటే ఉంటుంది, చమురు పారిపోతుంది. అది పైకి పాకుతూ పోకుండా సన్నటి రంధ్రాలున్న రాయిలో ఇంకి, పైన గట్టి మూత ఉండి, ఆ మూత బోర్లించిన మూకుడులా వంగి ఉంటేనే నిలుస్తుంది. గల్ఫ్‌లో ఈ మూడూ భారీ ఎత్తున కలిశాయి. అక్కడ టెథిస్ అనే వెచ్చటి లోతులేని సముద్రం కోట్ల ఏళ్లు నిలిచింది. సున్నపురాయి పొరల మీద, ఆవిరైన సముద్రం వదిలిన అన్‌హైడ్రైట్ ఉప్పురాయి మూత పడింది. పెద్దగా విరగకుండా, సుతారంగా వంగింది. సౌదీలో 1948లో కనుగొన్న ఘవార్ క్షేత్రం ఒక్కటే 280 కిలోమీటర్ల పొడవు. విశాఖ నుంచి దాదాపు ఏలూరు దాకా ఒకే బోర్లించిన మూకుడు. మన కృష్ణా-గోదావరి బేసిన్‌లోనూ చమురూ గ్యాసూ ఉన్నాయి కానీ, డెల్టా ఇసుక పొరలు తెగి, ముక్కలై, చిన్న చిన్న గిన్నెలుగా ఉంటాయి. ఒక్కో గిన్నెకు ఒక్కో బావి, ఒక్కో లెక్క.

గల్ఫ్ చమురు బయటికి రావడానికి హోర్ముజ్ జలసంధి ఉంది. ఇరుకైన చోట వెడల్పు 40 కిలోమీటర్ల లోపు. ప్రపంచం రోజూ వాడే చమురులో మామూలు రోజుల్లో సుమారు ఐదో వంతు అందులోంచి వెళ్తుంది. సౌదీ, ఎమిరేట్స్ వేసుకున్న పైపులైన్లు అందులో కొంతభాగాన్నే తప్పించగలవు. బొగ్గు ఓడలా ఇంకో రేవుకు తిప్పుకుందామంటే సముద్రంలోకి అడుగుపెట్టడానికే అదొక్కటే గుమ్మం. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు అమ్మకం ఆపినప్పుడు గుమ్మం మూయలేదు, ఇంటివాళ్లే ఇచ్చేది లేదన్నారు. కొద్ది నెలల్లో ధర పీపాకు 3 డాలర్ల నుంచి 12 డాలర్ల దగ్గరికి వెళ్లింది. దేశాలు చమురు దాచుకోవడం ఆ దెబ్బతోనే గట్టిగా మొదలైంది.

ఆ దాచుకోవడం మన ఊళ్లోనూ జరుగుతోంది. విశాఖ కొండ గర్భంలో తొలిచిన గుహల్లో 13.3 లక్షల టన్నుల ముడి చమురు పట్టే నిల్వ కేంద్రం ఉంది. ఆ మాట చెప్పగానే మా వాడు కాళ్ల కింద నేలను చూసుకున్నాడు. అంత చమురు రాతి పగుళ్లలోంచి కారిపోదా? భూగర్భ జల మట్టానికి కింద గుహ తవ్వుతారు. చుట్టూ రాతి సందుల్లోని నీళ్లు లోపలికి ఒత్తుతుంటాయి. ఆ ఒత్తిడి చమురు ఒత్తిడి కంటే ఎక్కువగా ఉన్నంతకాలం నీళ్లే కొద్దిగా లోపలికి వస్తాయి, చమురు బయటికి పోదు. వచ్చిన నీళ్లను తోడేస్తారు. నీళ్లే గోడ అన్నమాట. కాకపోతే ఈ గుహ మొత్తం నిండినా దేశం వాడకానికి రెండు రోజులు కూడా రాదు. మంగళూరు, పాదూరు గుహలు కూడా కలిపితే వారం పైచిలుకు.

ఇందులో నాకు నచ్చే విచిత్రం ఒకటుంది. విశాఖ కొండలు ఖొండలైట్ రాయి. ఒకప్పుడు అదీ సముద్రపు బురదే. దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందట లోతుకు దిగి 900 డిగ్రీల పైన కాగింది. 120 డిగ్రీల దగ్గర ఆగితే చమురో గ్యాసో ఏదైనా మిగిలేదేమో, మాడిపోయి గ్రాఫైట్ మిగిలింది. ఖొండలైట్‌లో మెరిసే నల్లటి పలుకులు అవే. తన చమురు వంట మాడ్చుకున్న కొండే, గట్టిపడ్డ రాయిగా, వేరే దేశం చమురును ఇప్పుడు కడుపులో దాచుకుంటోంది.

ఆ కొండలు అరిగిన ఇసుకలోనే మూడో కథ ఉంది. మర్నాడు భీమిలి తీరానికి వెళ్లాం. అల వెనక్కి వెళ్లిన చోట నల్లటి చారలు కనిపిస్తాయి. తేలిక ఇసుకను అల లాక్కుపోతే బరువైన ఇల్మనైట్, గార్నెట్, మోనజైట్ గింజలు అక్కడే ఆగుతాయి. బొగ్గు కడిగేచోట నీళ్లతో చేసే పనిని ఇక్కడ సముద్రం ఉచితంగా చేస్తోంది. మోనజైట్‌లో సగానికి పైగా అరుదైన మూలకాల ఆక్సైడ్లే. దేశంలో మోనజైట్ నిల్వలు ఎక్కువున్న రాష్ట్రం మనదే. పేరుకు అరుదు గానీ ఇవి చాలా దేశాల్లో ఉన్నాయి. ఇక్కడ ఇరుకు సందు భూమిలో లేదు, శుద్ధి చేసే కర్మాగారంలో ఉంది. ఆ పదిహేను పైచిలుకు మూలకాలూ రసాయన స్వభావంలో కవలల్లా ఉంటాయి. వాటిని విడదీయాలంటే ఆమ్లాలూ ద్రావకాలూ వాడి అదే పని వందల సార్లు చేయాలి. మోనజైట్‌లో థోరియం కూడా ఉండటంతో రేడియోధార్మిక వ్యర్థాల బాధ్యత అదనం. ఆ మురికి పనిని దశాబ్దాల పాటు చైనా తలకెత్తుకుంది, మిగతా దేశాలు హమ్మయ్య అనుకున్నాయి. ఇప్పుడు ప్రపంచ శుద్ధిలో దాదాపు 90 శాతం చైనాలోనే. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాలకు జవాబుగా సమేరియం, డిస్ప్రోసియం సహా ఏడు మూలకాల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేస్తే, వాటితో చేసే అయస్కాంతాలు అందక మన వాహన కంపెనీలు కూడా కంగారుపడ్డాయి. ఒక్క ఓడనూ ఆపనక్కర్లేకపోయింది, దరఖాస్తు ఫైలును బల్ల మీద ఉంచితే చాలు.

విశాఖలో సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాలు చేసే చిన్న ప్లాంటును 2023 మేలో ప్రారంభించారు. ఏడాదికి 3,000 కిలోలు, రక్షణ, అణు రంగాల అవసరాలకు. కార్ల కంపెనీలకు అది ఏ మూలకూ చాలదు.

మా వాడు పాత స్పీకరులోంచి పీకిన అయస్కాంతం ఒకటి జేబులో వేసుకుని వచ్చాడు. నల్లచార మీద అటూ ఇటూ ఆడించాడు. మాగ్నెటైట్ గింజలు మీసంలా అంటుకున్నాయి. "ఇదేనా మామయ్యా అంత విలువైనది?" అన్నాడు. కాదన్నాను. అయస్కాంతానికి అంటుకోకుండా వేళ్ల సందుల్లోంచి జారిపోతున్న ఇసుకలో, తేనెరంగులో అక్కడక్కడా మెరిసే గింజలుంటాయి చూడు, వాటిలో ఉంది.